అధిక వేతన రికవరీ నోటీసు

ఉద్యోగికి రావలసిన దానికన్నా ఎక్కువ జీతం పొరపాటున చెల్లించినప్పుడు, ఆ ఎక్కువ మొత్తాన్ని తిరిగి రాబట్టడానికి యజమాని ఇచ్చే ఉత్తర్వును రికవరీ నోటీసు అంటారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఇది సంజాయిషీ నోటీసుగానో, ప్రొసీడింగ్స్‌గానో, ఆడిట్ అభ్యంతరానికి జతపరచిన మెమోగానో వస్తుంది. కర్నూలు, కడప జిల్లాల్లో నెల జీతం మీద ఆధారపడిన కుటుంబాల్లో ప్రభుత్వోద్యోగుల వాటా పెద్దది. అందుకే ఈ వ్యాసం ప్రధానంగా ప్రభుత్వోద్యోగికి వచ్చే నోటీసు గురించి. ప్రైవేటు ఉద్యోగికి వర్తించే చట్టం వేరు, దాని సంగతి చివర్లో ఉంది.

పొరపాటు ఎక్కడ పుడుతుంది

అధిక చెల్లింపుల్లో తరచుగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది ఇంటి అద్దె భత్యం. ఉద్యోగి ఏ ఊళ్లో పనిచేస్తున్నాడన్న దాన్ని బట్టి దీని శాతం మారుతుంది. 2022 ఫిబ్రవరి ఉత్తర్వుల ప్రకారం రెండు లక్షలు దాటిన జనాభా ఉన్న కర్నూలు, కడప వంటి నగరాల్లో మూలవేతనంపై 16 శాతం, 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లలో 10 శాతం. నగరం నుంచి మండల కేంద్రానికి బదిలీ అయిన ఉద్యోగి బిల్లులో పాత శాతమే కొనసాగితే, నెలనెలా 6 శాతం ఎక్కువ పడుతూ పోతుంది. ఎవరూ అబద్ధం చెప్పి ఉండరు. బిల్లు చేసిన గుమస్తా ఒక గడి మార్చలేదు, అంతే.

రెండవది వేతన స్థిరీకరణ, అంటే అందరి నోటా ఉండే పే ఫిక్సేషన్. పదోన్నతి వచ్చినప్పుడు, వేతన సవరణ జరిగినప్పుడు, ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్లు నిండినవారికి ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద పై స్కేలు ఇచ్చినప్పుడు మూలవేతనాన్ని కొత్తగా లెక్కగడతారు. అక్కడ ఒక ఇంక్రిమెంటు అదనంగా కలిసిందంటే, దాని మీద కరువు భత్యం, అద్దె భత్యం అన్నీ పెరుగుతాయి. ఆ తర్వాత వచ్చే ప్రతి ఇంక్రిమెంటూ, ప్రతి పీఆర్సీ ఫిక్సేషనూ ఆ తప్పు అంకె మీదనే నిలబడుతుంది. ఇలాంటి తప్పు పదేళ్లు, పదిహేనేళ్లు సర్వీస్ రిజిస్టరులో నిద్రపోయి, పింఛను కాగితాలు తయారయ్యే వేళ బయటపడుతుంది.

ఈ రెండు రకాల మధ్య తేడా నోటీసుకు జవాబు రాసేటప్పుడు చాలా ముఖ్యం. మొదటిది ఇటీవలిది, చిన్నది, ఉద్యోగికి తెలిసే అవకాశం ఉన్నది. రెండవది పాతది, పెద్దది, నిబంధనల పుస్తకం తెలిసినవాడికి తప్ప మరొకరికి అంతుపట్టనిది. కోర్టులు ఈ రెండిటినీ ఒకేలా చూడలేదు.

2022 నాటి పీఆర్సీ వివాదం

ఒక్క ఉద్యోగికి కాక రాష్ట్రంలోని ఉద్యోగులందరికీ ఒకేసారి రికవరీ భయం పట్టుకున్న సందర్భం ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో వచ్చింది. 2019 జూలై నుంచి 27 శాతం మధ్యంతర భృతి అందుతూ ఉండగా, 2022 జనవరి 17న వచ్చిన వేతన సవరణ ఉత్తర్వులు ఫిట్‌మెంటును 23 శాతంగా ఖరారు చేశాయి. భృతిగా ముట్టింది ఎక్కువ, కొత్త జీతం ప్రకారం రావలసింది తక్కువ అయ్యేసరికి, ఆ తేడాను సర్దుబాటు చేస్తామన్న మాట ఉత్తర్వుల్లో కనిపించింది. కర్నూలు, కడప సహా అన్ని జిల్లాల్లో ఆందోళనలు జరిగాయి. ఫిబ్రవరి 3న ఉద్యోగులు చలో విజయవాడ నిర్వహించారు. జీతాల నుంచి రికవరీ చేయవద్దని హైకోర్టు మధ్యంతర ఆదేశమిచ్చింది. ఆ నెల 5వ తేదీన మంత్రుల కమిటీతో చర్చలు ముగిసేసరికి, 2019 జూలై నుంచి 2020 మార్చి వరకు చెల్లించిన భృతిని రికవరీ చేయబోమని ప్రభుత్వం ఒప్పుకుంది.

ఆ ఘట్టం అందరికీ గుర్తుంది. అయితే దాన్ని చూసి ప్రభుత్వం ఒకసారి ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకోలేదనుకుంటే పొరపాటు. అక్కడ పనిచేసింది సంఘాల బలం, చర్చల ఒప్పందం. ఒంటరిగా ఒక ఉద్యోగి చేతికి నోటీసు వచ్చినప్పుడు పనికొచ్చేది సుప్రీంకోర్టు తీర్పులు, చేతిలో ఉన్న కాగితాలు.

న్యాయం ఎక్కడ నిలిచి ఉంది

ఈ విషయంలో మూలస్తంభం స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ రఫీక్ మసీహ్ కేసులో 2014 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పొరపాటు యజమానిదే అయినప్పుడు, కొన్ని సందర్భాల్లో రికవరీ చెల్లదని కోర్టు తేల్చి చెప్పింది. మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి వసూలు చేయరాదు. పదవీ విరమణ చేసినవారి నుంచి, రికవరీ ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఏడాదిలోపు విరమణ చేయబోయేవారి నుంచి వసూలు చేయరాదు. ఉత్తర్వుకు ముందు ఐదేళ్లకు మించిన కాలం పాటు అధిక చెల్లింపు సాగి ఉంటే వసూలు చేయరాదు. పై పోస్టు పని అక్రమంగా చేయించుకుని ఆ పోస్టు జీతం ఇచ్చినా వెనక్కి అడగరాదు. ఇవి కాక, వసూలు చేయడం అన్యాయంగా, కఠినంగా, ఇష్టారాజ్యంగా ఉంటుందని కోర్టుకు అనిపించే ఏ సందర్భంలోనైనా అడ్డుకోవచ్చు.

దీనికి రెండు హద్దులున్నాయి. మొదటి హద్దు 2016 జూలై 29న జగదేవ్ సింగ్ కేసులో వచ్చింది. కొత్త స్కేలు ఎంచుకుంటూ, ఎక్కువ చెల్లించినట్లు తేలితే తిరిగి కడతానని హామీపత్రం రాసిచ్చిన ఒక న్యాయాధికారి, విరమణ తర్వాత కూడా ఆ మాటకు కట్టుబడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మొత్తాన్ని రెండేళ్లలో వాయిదాలుగా వసూలు చేసుకొమ్మంది. అందుకే నోటీసు వచ్చిన రోజున ఉద్యోగి ముందుగా వెతకవలసింది తన సంతకం ఉన్న హామీపత్రం ఎక్కడైనా ఉందా అని. పీఆర్సీ ఆప్షన్ ఫారంతో పాటు ఏం రాసిచ్చామో ఏళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఫిక్సేషన్ ప్రొసీడింగ్స్ చివర, ఎక్కువ చెల్లింపు జరిగినట్లు తేలితే ముందస్తు నోటీసు లేకుండా వసూలు చేయబడుతుంది అనే వాక్యం చాలా తరచుగా కనిపిస్తుంది. అది అధికారి రాసుకున్న షరతు. ఉద్యోగి సంతకం చేసి ఇచ్చిన హామీ అది కాదు. నోటీసు ఆ వాక్యాన్ని ఆధారంగా చూపితే, జగదేవ్ సింగ్ కేసులోని హామీకీ దీనికీ ఉన్న తేడాను జవాబులో స్పష్టంగా రాయాలి.

రెండవ హద్దు ఉద్యోగి ఎరుక. తనకు ఎక్కువ పడుతోందని ఉద్యోగికి తెలుసని తేలినా, తప్పు జరిగిన కొద్ది కాలానికే బయటపడి సరిదిద్దినా, రికవరీని ఆపడానికి కోర్టులు వెనకాడవచ్చు. సయ్యద్ అబ్దుల్ ఖాదిర్ కేసు తీర్పులో ఈ మాట ఉంది. తప్పుడు పత్రంతోనో, మాట దాచిపెట్టో పొందిన డబ్బుకైతే ఏ రక్షణా లేదు.

ఈ వరుసలో 2022 మే 2న వచ్చిన థామస్ డేనియల్ తీర్పు ఉపాధ్యాయులు తప్పక చదవవలసినది. సెలవు కాలాన్ని లెక్కలోకి తీసుకోవడంలో జరిగిన పొరపాటు వల్ల ఎక్కువ ఇంక్రిమెంట్లు పొందిన ఒక కేరళ ఉపాధ్యాయుడు 1999లో రిటైరయ్యారు. ఆయన నుంచి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న న్యాయమూర్తి ఎస్. అబ్దుల్ నజీర్ తర్వాత, 2023లో, ఆంధ్రప్రదేశ్ గవర్నరయ్యారు. తీర్పు ఉద్యోగి వైపే వచ్చింది, కానీ విరమణ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా గడిచాక వచ్చింది. నోటీసు దశలోనే గట్టి జవాబు ఇవ్వడం ఎందుకు అవసరమో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా అపార్థం చేసుకునే విషయం మరొకటి ఉంది. ఈ తీర్పులు ఆపేది గతంలో ముట్టిన డబ్బు వసూలును మాత్రమే. తప్పుగా ఉన్న మూలవేతనాన్ని ఇకముందు సరిచేసే అధికారం యజమానికి ఉంటుంది. వసూలు రద్దయినా, సరిచేసిన తక్కువ జీతం మీదే పింఛను లెక్క కట్టవచ్చు. కాబట్టి నోటీసులో సవరణ వేరు, వసూలు వేరు అని విడదీసి చదవాలి. ఒక్కోసారి వసూలు మొత్తం చిన్నదిగా కనిపిస్తుంది, సవరణ వల్ల జీవితాంతం తగ్గే పింఛను మాత్రం పెద్దదవుతుంది. అలాంటప్పుడు వాదన ఫిక్సేషన్ నియమం మీదే జరగాలి.

నోటీసును చదవడం

సరైన నోటీసులో నాలుగు విషయాలు ఉండాలి: ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ పద్దు కింద, ఏ నిబంధన లేదా ఉత్తర్వు ప్రకారం ఎక్కువైంది, నెలవారీ లెక్క ఏమిటి. ఆ చివరిదాన్నే కార్యాలయాల్లో డ్యూ అండ్ డ్రాన్ స్టేట్‌మెంట్ అంటారు. రావలసింది ఒక వరుసలో, తీసుకున్నది మరో వరుసలో, తేడా మూడో వరుసలో ఉంటుంది. ఈ పట్టిక లేకుండా ఒకే మొత్తం రాసి, వచ్చే నెల జీతంలో కోస్తామంటే అది నోటీసు కింద లెక్కకు రాదు. జీతం తగ్గించేముందు ఉద్యోగి మాట వినాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1994లో భగవాన్ శుక్లా కేసులోనే ఖాయం చేసింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నిజంగా జరిగిన ఒక వ్యక్తి కథ కాదు, అంకెలు మాత్రం 2022 వేతన స్కేళ్లలోనివే. కర్నూలు నగరంలోని ఒక కార్యాలయం నుంచి ఒక సీనియర్ అసిస్టెంట్ 2023 జూలై 1న దేవనకొండ మండల కార్యాలయంలో చేరాడు. మూలవేతనం ₹48,440. అద్దె భత్యం 16 శాతం నుంచి 10 శాతానికి తగ్గాలి, తగ్గలేదు. 2025 జూన్ వరకు, అంటే 24 నెలలు, పాత శాతమే పడింది. ఆడిట్ వచ్చి చూసింది. ₹73,632 చెల్లించాలని నోటీసు వచ్చింది.

ఈ అంకె ఎలా వచ్చిందో మొదట కనుక్కోవాలి. 73,632ను 24తో భాగిస్తే 3,068 వస్తుంది. 2025లో అతని మూలవేతనం ₹51,140. దాని మీద 16 శాతం ₹8,182, 10 శాతం ₹5,114, తేడా ₹3,068. అంటే లెక్క చేసినవారు ఇప్పటి జీతాన్నే 24 నెలలకూ వేసేశారు. నిజానికి ఇంక్రిమెంటు ప్రతి జనవరిలో కలిసింది. 2023 జూలై నుంచి డిసెంబరు వరకు మూలవేతనం ₹48,440, నెలకు తేడా ₹2,906, ఆరు నెలలకు ₹17,436. 2024లో మూలవేతనం ₹49,790, తేడా ₹2,987, పన్నెండు నెలలకు ₹35,844. 2025లో ఆరు నెలలకు ₹18,408. కలిపితే ₹71,688. నోటీసు ₹1,944 ఎక్కువ అడుగుతోంది. ఈ మొత్తం చిన్నదే కావచ్చు. కానీ పట్టికలో ఒక తప్పు చూపిస్తే మొత్తం లెక్కను మళ్లీ తీయవలసి వస్తుంది, అప్పుడు సెలవు నెలలు, చేరిన తేదీ వంటివి కూడా సరిచూడటం జరుగుతుంది.

ఈ ఉద్యోగి కోర్టుకు వెళ్లాలా? సీనియర్ అసిస్టెంట్ మూడో తరగతి ఉద్యోగి కాబట్టి రఫీక్ మసీహ్ తీర్పు మొదటి సందర్భం అతనికి ఆసరాగా ఉంది. కానీ బదిలీ అయితే అద్దె భత్యం మారుతుందని కార్యాలయంలో పనిచేసేవాడికి తెలియదంటే నమ్మించడం కష్టం. కాలం కూడా రెండేళ్లే. ఇక్కడ నా అభిప్రాయం స్పష్టం: తీర్పును ఉదహరిస్తూ రికవరీ మానమని అడగాలి, అంగీకరించకపోతే సరిచేసిన ₹71,688ని 24 వాయిదాల్లో తీసుకొమ్మని అదే జవాబులో ప్రత్యామ్నాయంగా కోరాలి. నెలకు ₹2,987 పడుతుంది. అద్దె భత్యం సీపీఎస్ వాటాలో లెక్కకు రాదు కనుక అక్కడ సర్దుబాటు సమస్య లేదు.

ఇప్పుడు దీని పక్కన ప్రొద్దుటూరులో పనిచేసి ఆరు నెలల్లో రిటైరవబోతున్న ఉపాధ్యాయుణ్ణి ఊహించండి. పన్నెండేళ్ల కింద స్కేలు మారినప్పుడు ఒక ఇంక్రిమెంటు ఎక్కువ పడిందని పింఛను ప్రతిపాదనల వేళ తేలింది. గ్రాట్యుటీలో కోస్తామని మెమో వచ్చింది. ఏడాదిలోపు విరమణ, ఐదేళ్లకు మించిన కాలం అనే రెండు సందర్భాలూ ఇతనికి వర్తిస్తాయి. ఫిక్సేషన్ చేసింది అధికారి, దాన్ని సరిచూడవలసిన యంత్రాంగం అన్నేళ్లు మౌనంగా ఉంది. హామీపత్రం లేకపోతే ఇతను వాయిదాలు అడగకూడదు. అడిగితే బాకీ ఒప్పుకున్నట్లే అవుతుంది. వసూలు పూర్తిగా రద్దు చేయమనే రాయాలి. మూలవేతనం తగ్గిన కేసుల్లో పాత సీపీఎస్ వాటాలు, కోసిన ఆదాయపు పన్ను కూడా లెక్కలోకి వస్తాయని ఇలాంటివారు గుర్తుంచుకోవాలి. చేతికి అందని డబ్బును కూడా కట్టమనడం ఎంత అన్యాయమో కెనడా చూసింది. అక్కడ 2016లో ఫీనిక్స్ అనే జీతాల వ్యవస్థ దెబ్బతిని వేల మందికి ఎక్కువ చెల్లించింది, తర్వాత పన్నుతో కలిపి మొత్తం కట్టమంది. 2019లో ఆ నియమం మార్చుకోవలసి వచ్చింది. మన దగ్గర వెనకటి ఏళ్ల పన్ను దానంతట అది తిరిగి రాదు. వసూలైన మొత్తాన్ని చూపే ధ్రువపత్రాన్ని డ్రాయింగ్ అధికారి నుంచి తీసుకుని ఆడిటరుకు చూపించాలి.

జవాబు రాయడం

నోటీసు అందిన తేదీని ఆఫీసు కాపీ మీద సంతకంతో పాటు వేసుకోవాలి. గడువు సాధారణంగా అందిన రోజు నుంచే లెక్క. పట్టిక, ఆడిట్ అభ్యంతరం నకలు, ఆధారంగా చూపిన ఉత్తర్వు ఇవి జతపరచకపోతే, వెంటనే ఒక చిన్న ఉత్తరంతో వాటిని కోరాలి. అవి అందాక 15 రోజుల గడువు అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో ఇవ్వాలి. సర్వీస్ రిజిస్టరులో సంబంధిత పేజీల నకలు కూడా అదే దరఖాస్తులో అడగవచ్చు.

జవాబులో గట్టి వాక్యాలకన్నా సరైన వాక్యాలు మేలు చేస్తాయి. ఇలా ఉండవచ్చు: “తమ నోటీసు నాకు ఫలానా తేదీన అందింది. అందులో పేర్కొన్న చెల్లింపు నేను ఎటువంటి తప్పుడు సమాచారం ఇచ్చి పొందినది కాదు. వేతన స్థిరీకరణ కార్యాలయమే చేసింది. తిరిగి చెల్లిస్తానని నేను ఎటువంటి హామీపత్రం ఇవ్వలేదు. చెల్లింపు ఐదేళ్లకు మించి సాగినందున, నేను ఫలానా తేదీన పదవీ విరమణ చేయనున్నందున, 18-12-2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం వసూలు చెల్లదు. తుది ఉత్తర్వు జారీ చేసేముందు నన్ను స్వయంగా విని, అంతవరకు కోత నిలిపివేయాలని కోరుతున్నాను.” హామీపత్రం ఇచ్చి ఉంటే మాత్రం ఇవ్వలేదని ఎన్నటికీ రాయకూడదు. ఆ ఒక్క అబద్ధం మొత్తం కేసును ముంచేస్తుంది.

జవాబును తపాలా విభాగంలో ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోవాలి, లేదా రిజిస్టర్డు పోస్టులో పంపాలి. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఉపాధ్యాయుల విషయంలో అది జిల్లా విద్యాశాఖాధికారి, ఆ పైన కడపలోని ప్రాంతీయ సంయుక్త సంచాలకులు. రెవెన్యూ ఉద్యోగికి డివిజన్ అధికారి, ఆపై కలెక్టరు. జవాబును పరిశీలించకుండానే కోత మొదలైతే హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి స్టే కోరాలి. ఒకప్పుడు ఉద్యోగుల వివాదాలు చూసిన పరిపాలనా ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు కాబట్టి, కర్నూలు నుంచైనా కడప నుంచైనా అమరావతికే పోవాలి. ఖర్చు, దూరం రెండూ ఉన్న దారి అది. కాబట్టే మండల కార్యాలయంలో రాసే మొదటి జవాబు విలువ ఎక్కువ. కోర్టులో న్యాయవాది వాదించేది ఆ జవాబులో ఉన్నదాని మీదే.

ప్రైవేటు రంగం

యర్రగుంట్ల సిమెంటు కర్మాగారాల్లోనో, బేతంచెర్ల రాతి పాలిషింగ్ యూనిట్లలోనో పనిచేసేవారికి రఫీక్ మసీహ్ తీర్పు నేరుగా వర్తించదు. అధిక చెల్లింపును జీతం నుంచి సర్దుబాటు చేసుకోవడానికి 1936 నాటి వేతన చెల్లింపు చట్టం అనుమతించింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అనుమతిస్తుంది. అయితే ఒక నెలలో అన్ని రకాల కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. చెప్పకుండా కోసినా, సగం దాటి కోసినా, కోడ్ కింద మూడేళ్లలోపు కార్మిక శాఖ ద్వారా అధికారి ముందు క్లెయిమ్ వేయవచ్చు. ఇక్కడ కూడా మొదట అడగవలసింది నెలవారీ పట్టికే.

పదవీ విరమణ దగ్గరపడుతున్న ప్రతి ఉద్యోగీ కనీసం రెండేళ్ల ముందే తన సర్వీస్ రిజిస్టరు తెప్పించుకుని, ప్రతి ఫిక్సేషన్ పేజీనీ ఒకసారి సరిచూసుకోవాలి. సంతకం చేసి ఇచ్చే ప్రతి హామీపత్రానికీ ఒక జిరాక్స్ ఇంట్లో ఉంచుకోవాలి.